సంతకం బారెడు, ఉత్తరం బెత్తెడు

మా బావ మంచి మనిషి. ఆయన గానుగలో ఆడే నువ్వుల నూనె ఇంకా మంచిది. నా పేచీ అంతా ఆయన మెయిలు కింద పెట్టే సంతకంతోనే. ఇలాంటి బావ మీ ఇంట్లోనూ ఒకరుంటారు. శుభలేఖలో తన పేరు పక్కన డిగ్రీలు పడలేదని పెళ్లిలో భోజనం మానేసే రకం.

విజయవాడలో గానుగ పెట్టాక, హైదరాబాదు దుకాణాలకు సరుకు వేద్దామని ముక్కూ మొహం తెలియని యజమానులకు మెయిళ్లు రాయడం మొదలుపెట్టారు. ఉత్తరం రెండే ముక్కలు: "మాది గానుగ నువ్వుల నూనె. శాంపిల్ పంపమంటారా?" ఆ కింద సంతకం మాత్రం ఎంత జరిపినా తరగదు. పేరు, రెండు డిగ్రీలు, ఫౌండర్, ఛైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్. కంపెనీ మొత్తానికి ఉన్నది ఆయనా, మా అక్కా, గానుగ దగ్గర కుర్రాడూ. అపార్టుమెంటు సంఘం గౌరవ సలహాదారు పదవి కూడా అందులో చేరింది. మూడు ఫోన్ నంబర్లున్నాయి, ఏది మోగినా ఎత్తరు. చివర ఏదో పెద్ద కంపెనీ మెయిల్లోంచి ఎత్తుకొచ్చిన హెచ్చరిక: ఈ సందేశం మీకోసం కాకపోతే వెంటనే తొలగించండి. యజమానులు బుద్ధిగా చెప్పిన మాట విన్నారు.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనకోడలు పండక్కి వచ్చి, నా ఫోన్లో ఆ మెయిలు తెరిచి నవ్వాపుకోలేకపోయింది. పంపినవారి పేరు దగ్గర బావ బిరుదులతో మొదలుపెట్టారు. ఫోన్ తెరమీద ఆ చోటు చిన్నది కాబట్టి బిరుదులు కనిపించాయి, పేరు తెగిపోయింది. లోగోలోనే ఫోన్ నంబరు కలిపి బొమ్మగా పెట్టారు. కొన్ని మెయిల్ యాప్‌లు కొత్తవాళ్లు పంపిన బొమ్మల్ని అడగందే చూపించవు. కాబట్టి నంబరు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా. బొమ్మ కనబడినా, దాన్ని నొక్కితే ఫోన్ కలవదు. ప్రొఫైల్ ఫొటోలో శాలువా, దండ, వెనక సన్మాన సభ. అంత చిన్న గుండ్రంలో మొహం ఆవగింజంత.

"నాన్నా, వాళ్లకి మీ గొప్పతనం అక్కర్లేదు. మీరున్నారో లేదో చూసుకోవాలి, అంతే" అంది.

నేను ఇరవయ్యేళ్లుగా చెబుతున్న మాటే అది. కూతురు చెబితే సిద్ధాంతమైంది.

పిల్ల కూర్చుని అన్నీ తుడిచేసింది. పంపినవారి పేరు: మనిషి పేరు, పక్కన గానుగ పేరు. ఫొటో: ఎదురుగా చూస్తున్న మొహం ఒక్కటే. సంతకం నాలుగు వరుసలు, అన్నీ అక్షరాలే, బొమ్మ లేదు. మొదట పేరూ, చేసే పనీ. తర్వాత గానుగ పేరు, ఊరు. మూడోది ఎత్తే ఫోన్ ఒక్కటి, వెబ్‌సైటు. నాలుగోది 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు. తిండి సరుకు అమ్మేవాడి సంతకంలో అన్నిటికన్నా బలమైన వరుస అదే. దుకాణదారు దాన్ని ఫాస్కాస్ పోర్టల్లో కొట్టి, లైసెన్సు ఎవరి పేరున ఉందో ఒక్క నిమిషంలో చూసుకోవచ్చు. ఎంబీయేని అలా చూసుకోలేడు.

ఇంకో మెలిక మిగిలింది. వెబ్‌సైటు గానుగ పేరుమీద, మెయిలు మాత్రం బావ అదృష్ట సంఖ్య తగిలించిన జీమెయిల్ నుంచి. ఆ రెండూ కలవకపోతే కొత్తవాడికి అనుమానమే. మేనకోడలు వెబ్‌సైటు పేరుతోనే మెయిలు చిరునామా తీసింది. తీరా పంపితే నా స్పామ్‌లో పడింది. డొమైన్ సెట్టింగుల్లో ఎస్‌పీఎఫ్, డీకేఐఎమ్ పెట్టలేదు. ఆ పేరున మెయిలు పంపడానికి ఏ సర్వర్లకు అనుమతుందో మొదటిది చెబుతుంది. ఉత్తరం ఆ డొమైన్ నుంచే వచ్చిందనీ దారిలో మారలేదనీ రెండోది ముద్ర వేస్తుంది. రెండూ పెట్టి మళ్లీ నాకు పంపింది. జీమెయిల్లో `Show original` నొక్కితే రెండిటి పక్కనా `PASS` కనిపించింది. అలాగని స్పామ్‌లో పడదని హామీ లేదు. ఒకే ఉత్తరాన్ని వందలమందికి గుప్పిస్తే ఏ ముద్రా కాపాడదు.

బావ రెండ్రోజులు ముభావంగా ఉన్నారు. "నాలుగు వరుసలేమిటోయ్, జీతగాడిలా" అని నామీద విసుక్కున్నారు. ఆ వారంలో ఒక యజమాని ఫోన్ చేసి లైసెన్సు చూశానని చెప్పి, రెండు లీటర్ల శాంపిల్ అడిగారు. బావ ఐదు పంపారు. ఆయన మంచితనం అక్కడ కనబడుతుంది, బిరుదుల్లో కాదు.

మీ సంతకంలోని ఒక్కో వరుసా చదువుకోండి. దాన్ని పట్టుకుని ఎదుటివాడు మీకు ఫోన్ చేయగలడా, మీ మాట నిజమో కాదో చూసుకోగలడా? రెండూ కుదరకపోతే, అది మా బావ రాసిన వరుసే. తీసేయండి.