ముప్పై బస్తాల పదోన్నతి

తెలుగులో రాసిన పరిశోధన సారాంశం జర్నల్‌కు వెళ్లాలంటే ఇంగ్లిష్‌లోకి మారాలి. మారడమంటే చాలామంది దృష్టిలో హోదా పెరగడమే. రైతు నోటిమాటగా బయలుదేరిన సంగతి, 250 పదాల హద్దులో ఇమిడేసరికి రుజువైన సత్యమై కూర్చుంటుంది.

ఇలాంటి వాక్యం ఒకటి తీసుకోవచ్చు: "శ్రీ పద్ధతిలో వరి వేసిన 120 మంది రైతులను అడగగా, ఎకరాకు సుమారు 30 బస్తాల ధాన్యం వచ్చిందని, దిగుబడి బాగా పెరిగిందని చెప్పారు." ఇందులోని నిజాయితీ అంతా "సుమారు", "చెప్పారు" అనే మాటల్లో ఉంది. అనువాదంలో ముందుగా గల్లంతయ్యేవీ అవే.

తర్వాత "బాగా" వంతు. దానికి "సిగ్నిఫికెంట్లీ" అని కిరీటం పెడతారు. జర్నల్ చదివేవారికి ఆ మాట గణాంక పరీక్ష జరిగిందన్న వాగ్దానం. ఇక్కడ ఏ పరీక్షా జరగలేదు. శ్రీ పద్ధతి పాటించని రైతులను ఎవరూ పలకరించనే లేదు. అయినా ఇంగ్లిష్ వాక్యంలో దిగుబడిని పెంచింది శ్రీ పద్ధతే. వాన, నేల, ఎరువు మర్యాదగా తప్పుకుంటాయి. ఏ పరీక్ష చేశారని సమీక్షకుడు అడిగితే, రచయిత నిఘంటువు తెరిచి "గణనీయంగా" అన్న అర్థం చూపించగలడు.

బస్తాల కథ ఇంకా రసవత్తరం. బస్తాకు 75 కిలోల లెక్కన 30 బస్తాలంటే 2,250 కిలోలు. హెక్టారుకు మారిస్తే 5,559.87 కిలోలు. రైతు తల గోక్కుంటూ గుర్తు చేసుకున్న అంకెకు, దశాంశ బిందువు తర్వాత రెండు స్థానాల కచ్చితత్వం వచ్చి చేరింది. అంటే పది గ్రాముల తేడా కూడా రైతు గమనించాడన్నమాట! పైగా బస్తా 75 కిలోలని ఎవరు చెప్పారో సారాంశంలో ఉండదు. ఆ ధాన్యాన్ని ఒట్టి "రైస్" అని రాస్తే చదివేవారు బియ్యమనుకునే ప్రమాదమూ ఉంది. మర పట్టించాక మిగిలేది సుమారు మూడింట రెండు వంతులే.

ఇంత కచ్చితత్వం తర్వాత "యాన్ అటెంప్ట్ హాజ్ బీన్ మేడ్" అంటూ మొదలుపెట్టి, "పరిశీలించడం జరిగింది" అనే మన కార్యాలయ భాషను యథాతథంగా ఎక్కిస్తారు. పద పరిమితిలో కొంత ఆ ప్రయత్నానికే ఖర్చవుతుంది.

సరైన అనువాదం చప్పగా ఉంటుంది. "రిపోర్టెడ్" అన్న క్రియతో ఇది రైతులు చెప్పిన మాటేనని తెలుస్తుంది. "అబౌట్ 5.6 టన్స్ ఆఫ్ ప్యాడీ పర్ హెక్టార్" అంటే అంకె తన స్థాయిలో తానుంటుంది. బస్తా బరువు ఎంతని లెక్కగట్టారో ఒక్క ముక్క, పోల్చడానికి వేరే రైతులు లేరని మరో ముక్క చేరితే చాలు. పద్ధతినీ ఫలితాలనూ భూతకాలంలో చెప్పి, పెరుగుదలను రైతుల అభిప్రాయంగానే వదిలేయాలి. అలా రాసిన సారాంశాన్ని చూసి మార్గదర్శి సాధారణంగా అడిగేది ఒకటే: ఇందులో అకడమిక్ ఇంగ్లిష్ ఏదీ?