పచ్చి పిక్కల బావగారు

మా బావగారు ఈ పనసల కాలమంతా ఒకటే పాట. "నానబెట్టిన బాదం పప్పు పచ్చిగా తినట్లేదుటోయ్? పనస పిక్కా అంతే! వండితే బలమంతా గిన్నెకే పోతుంది." పరగడుపునే కరకరా నములుతారు. పదకొండు దాటేసరికి ఆయన పొట్టలో మేళం మొదలవుతుంది. కిటికీలు తీసేది మేము.

పనస పిక్కలు తినకూడదని ఎవరన్నారు? నిక్షేపంగా తినొచ్చు, ఉడికించి. మనం తిన్న మాంసకృత్తులను పేగుల్లో విడగొట్టేది ట్రిప్సిన్. దాని చేతులు కట్టేసే పదార్థం పచ్చి పిక్కలో ఉంది. దానికి తోడు జాకలిన్ అనే లెక్టిన్. పచ్చి పిండిపదార్థం కూడా ఓ పట్టాన అరగదు. అరగని సరుకంతా కిందికి దిగితే అక్కడి సూక్ష్మజీవులు విందు చేసుకుని గ్యాసు వదులుతాయి. పొయ్యి వేడికి ఆ అడ్డంకులు చాలావరకు విరిగిపోతాయి, పిండి నీళ్లు పీల్చి మెత్తబడుతుంది. రాత్రంతా నానబెట్టినంత మాత్రాన ఈ పని జరగదని బావగారికి చెప్పేదెవరు?

అసలు బాధ పైనున్న తెల్ల తొడుగుతో. తొన నుంచి తీసిన వెంటనే ఒలవబోతే జారుతుంది, జిగురు గోళ్లకి పట్టేస్తుంది. నీడలో ఒకటి రెండు రోజులు ఆరనిస్తే కాగితంలా ఊడి వస్తుంది. ఆ ఓపిక మా అక్కయ్యకి లేదు. పైగా తెల్లది పోయాక లోపలి గోధుమరంగు పొరనూ చాకుతో గీకుతుంది. "అక్కయ్యా, అది తినొచ్చే" అంటే, "చూడ్డానికి బావుండద్దూ?" అంటుంది. వంకాయ ముద్దకూరలో పిక్క అందం చూసేదెవరు? గీకిన పిక్క సగమవుతుంది, కూర రెండు గంటలకవుతుంది, అందాకా బావగారికి ఆకలేసి మళ్లీ పచ్చివే నములుతారు. ఆ గోధుమరంగు పొరే మా ఇంటి శాంతిని చెడగొడుతోందని నా అనుమానం.

ఉప్పునీళ్లలో అరగంట ఉడికితే చాలు. చాకు ఆగకుండా దిగాలి. విరిస్తే లోపల సుద్దలా తెల్లగా కాక, మైనంలా నిగనిగలాడాలి. నిప్పుల్లో కాలిస్తే మాత్రం ముందు గాటు పెట్టాలి. లోపలి తేమ ఆవిరై, దారి దొరక్క పిక్క టపాసులా పేలుతుంది.

మా నాయనమ్మ పిక్కల్ని ఇసుకలో దాచి, కూరల్లేని వానాకాలంలో తీసేది. ఆ పూట మేము మూతులు ముడుచుకునేవాళ్లం, లేనివాళ్ల కూరని. ఆవిడ ఏమీ అనేది కాదు, వడ్డించేది.

బావగారికి మొన్న ఉడికిన పిక్కలు పెట్టాను. బావున్నాయన్నారు. రెండు గుప్పెళ్లు తిన్నారు. ఉడికించినా అంత తింటే కొంత గ్యాసు తప్పదు. "చూశావా, వండినా అంతే!" అంటున్నారిప్పుడు.