ఆఫర్ లెటర్‌లో తొమ్మిది, చేతికి మూడు

మీరు గుంటూరు, పల్నాడు వైపు పురుగుమందులు అమ్మే కంపెనీలో సేల్స్ మేనేజర్ అనుకుందాం. ఖరీఫ్ దగ్గరపడింది. సేల్స్ ఆఫీసర్ల జీతం ప్లాన్ రాసి పంపమని పైనుంచి మెయిల్ వచ్చింది. కంగారు పడకండి, ఒక్క సాయంత్రం పని. ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంత, టార్గెట్ అందుకుంటే మొత్తం ఎంత చేతికొస్తుంది, ఈ మూడు అంకెలే కావాలి. వీటిని సరిగ్గా పేరిస్తే కంపెనీ డబ్బు కంపెనీలోనే ఉంటుంది, ఎండలో మండలాలు తిరిగే బాధ మీకూ తప్పుతుంది. కింద చెప్పిన వరుసలో చేసుకుపోండి.

1. ముందు పెద్ద అంకె రాయండి.

ఇలాంటి ఉద్యోగంలో టార్గెట్ అందుకున్న మనిషికి మార్కెట్‌లో ఏడాదికి 6 లక్షలు వస్తున్నాయనుకోండి. పద్ధతి పట్టుకు వేలాడేవాళ్లు ముందు ఆ 6 లక్షలను ఖాయం చేసుకుని, తర్వాత దాన్ని విడగొడతారు. నెలకు 35,000 ఫిక్స్‌డ్, 15,000 వేరియబుల్. అంటే 70:30. వేరియబుల్ పెంచాలంటే ఫిక్స్‌డ్ తగ్గాలి, మొత్తం మాత్రం 6 లక్షల దగ్గరే నిలవాలి అని వాళ్ల లెక్క.

మీరు తిరగేసి చేయండి. ఎంత తక్కువకు మనిషి దొరుకుతాడో ముందు చూడండి. 25,000కు దొరుకుతాడు. దానిమీద 50,000 వేరియబుల్ పెట్టండి. నెలకు 75,000, ఏడాదికి 9 లక్షలు. ఆ 50,000 ఎవరికీ ఇవ్వబోవడం లేదు కాబట్టి ఎంత రాసినా ఖర్చు ఒకటే, ఇక పిసినారితనం ఎందుకు? ఆఫర్ లెటర్‌లో 9 లక్షలు బోల్డ్‌లో వేయండి. పెళ్లి సంబంధాలు చూస్తున్న కుర్రాడైతే ఆ కాగితం ఇంట్లో చూపించుకుని మరీ చేరతాడు.

2. మిక్స్ విషయంలో మాట బలం లెక్కలు వేయకండి.

ఫిక్స్‌డ్, వేరియబుల్ నిష్పత్తికి ఈ రంగంలో ఒక కొలత ఉంది. ఆ అమ్మకం జరగడంలో ఆ మనిషి చొరవ ఎంత అని అడుగుతారు. గడప గడపకూ తిరిగి ఒప్పించి అమ్మేవాడి విషయంలో అంతా అతని నోటి చలవే, అక్కడ సగం వేరియబుల్ పెట్టినా తట్టుకుంటాడు. పురుగుమందు అలా కాదు. వాన పడాలి, పంట వేయాలి, పురుగు పడాలి, ధర హెడ్డాఫీసు వేయాలి, అప్పు డీలర్ ఇవ్వాలి. ఇన్ని అయ్యాక సేల్స్ ఆఫీసర్ వంతు వస్తుంది. అందుకే ఇక్కడ వేరియబుల్ మూడో వంతు దాటకూడదంటారు.

ఈ మాటలు చెవిన పెట్టకండి. అతని చేతిలో లేనిది ఎంత ఎక్కువుంటే మీకు అంత మంచిది. వాన పడకపోతే నష్టం అతని జీతంలోంచే పోతుంది. ఆకాశం వైపు చూస్తూ కూర్చునే పని 25,000 జీతగాడికి అప్పగించి, మీరు ఏసీలో కూర్చోవచ్చు. ఫీల్డ్ డెమోలు వేసే కుర్రాడికి, పాత బాకీలు వసూలు చేసే ఆయనకు, డిపోలో బిల్లులు కొట్టే ఆయనకు కూడా ఇదే మిక్స్ పెట్టేయండి. ఒక్కో పనికి ఒక్కో నిష్పత్తి అంటే ఎక్సెల్‌లో ఎన్ని షీట్లు తెరవాలి?

3. టార్గెట్‌కు పురుగు పడిన ఏడాదిని పట్టుకోండి.

అన్ని చిట్కాల్లోకీ ఇది గొప్పది, దీనికి టైమ్ కేటాయించండి. 2021లో మిర్చి మీద నల్ల తామర పురుగు పడింది గుర్తుందా? తోటలు పూత మీదే మాడిపోతుంటే రైతులు మందు మీద మందు కొట్టారు. అలాంటి ఏడాది అంకె మీ రికార్డుల్లో ఎక్కడో ఉంటుంది. వెతికి పట్టుకోండి. మామూలు ఏడాదుల సగటు తీయమని ఎవరైనా అంటే, మనుషులు సాధించగలరని రుజువైన అంకె ఇదేనని చెప్పండి.

లెక్క చూడండి. మీ సేల్స్ ఆఫీసర్‌కు మూడు మండలాలు. పోయిన ఏడాది అక్కడ 1.60 కోట్లు అమ్ముడైంది. ఒళ్లు వంచి పనిచేస్తే పది శాతం పెరిగి 1.76 కోట్లు అవుతుంది. పద్ధతిగా కట్టేవాళ్లు ఆ 1.76 దగ్గరే టార్గెట్ పెడతారు. పదిమందిలో ఆరేడుగురు అందుకునేలా ఉంటేనే మిగతావాళ్లు కూడా పరిగెడతారని వాళ్ల నమ్మకం. మీరు పురుగు పడిన ఏడాది అంకె, 2.50 కోట్లు పెట్టండి. అప్పుడు ఆ పది శాతం పెంచినవాడు టార్గెట్‌లో 70 శాతం దగ్గర ఆగుతాడు.

ఇక గుమ్మం కట్టండి. 90 శాతం, అంటే 2.25 కోట్లు దాటేదాకా వేరియబుల్‌లో ఒక్క రూపాయి కూడా లేదని రాయండి. 1.76 కోట్లు తెచ్చినవాడికి సున్నా. మూడు మండలాల్లో చెమటోడ్చినవాడికీ, ఇంట్లో పడుకున్నవాడికీ ఒకటే జీతం, ఏడాదికి 3 లక్షలు. పద్ధతి ప్రకారం అతనికి 6 లక్షలు ఇవ్వాల్సి వచ్చేది. తలకు 3 లక్షల మిగులు. ఇరవై మంది ఉంటే 60 లక్షలు. ఈ ఒక్క లైనును స్లైడ్‌గా వేసి డైరెక్టర్లకు చూపించండి, మీ ప్రమోషన్ సంగతి వాళ్లే చూసుకుంటారు.

ఆగస్టుకల్లా లెక్కలు వచ్చినవాళ్లు ఇది అయ్యే పని కాదని గ్రహిస్తారు. పొద్దున్నే డీలర్ షాపు ముందు బండి ఆపి లొకేషన్ ఫొటో పెడతారు, తర్వాత టీ కొట్టు దగ్గర కూర్చుంటారు. మీరు ఫొటోలు లెక్కపెట్టుకోండి, రిపోర్టు నిండుగా ఉంటుంది.

4. పైన సీలింగ్ కట్టండి.

మిర్చి బాగా వేసిన మండలాలు దక్కి ఎవడో ఒకడు 2.50 దాటిపోతాడు. టార్గెట్ దాటాక ప్రతి అదనపు రూపాయికీ రేటు పెంచి ఇచ్చే కంపెనీలున్నాయి. మీరు వంద శాతం దగ్గరే మూసేయండి. సేల్స్ ఆఫీసర్ మీకంటే ఎక్కువ సంపాదించడం చూడముచ్చటగా ఉండదు. సీలింగ్ తాకిన మనిషి మిగతా ఆర్డర్లను జేబులో పెట్టుకుని వచ్చే ఏడాది ఏప్రిల్‌లో బయటికి తీస్తాడు. తీయనివ్వండి, కొత్త ఏడాది అంకె కళకళలాడుతూ మొదలవుతుంది. ఆ సరుకు అందని డీలర్ పక్క కంపెనీ డబ్బా పెట్టుకుంటాడు, కానీ అది మీ రిపోర్టులో ఎక్కడా కనబడదు.

5. లిక్విడేషన్ చూడకండి, ప్లేస్‌మెంట్ చూడండి.

డీలర్ షాపులోకి సరుకు దిగితే ప్లేస్‌మెంట్. డీలర్ దగ్గర రైతు కొంటే లిక్విడేషన్. ఇన్సెంటివ్‌ను ప్లేస్‌మెంట్ మీదే కట్టండి, ఇన్వాయిస్ కొట్టిన రోజే అమ్మకం అయిపోయినట్టు. రైతు కొన్నాడా, డీలర్ డబ్బు కట్టాడా అని ఆరా తీయడం మొదలుపెడితే గోడౌన్లకు వెళ్లి అట్టపెట్టెలు లెక్కపెట్టాలి. దుమ్ము.

2.25 కోట్ల గుమ్మానికి కాస్త దూరంలో ఉన్న మనిషి ఉపాయం తనే కనిపెడతాడు. మార్చి నెలాఖరున తెలిసిన డీలర్ దగ్గరికి వెళ్లి, "అన్నా, ఒక పాతిక లక్షల సరుకు దింపుకో, అమ్ముడుకాకపోతే నేనే వెనక్కి తీసుకుంటా" అంటాడు. డీలర్ షట్టర్ వెనక, మెట్ల కింద, ఆఖరికి ఇంటి వరండాలో కూడా పెట్టెలు పేరుస్తాడు. మీకు మార్చి 31న రికార్డు అమ్మకం. మీటింగ్‌లో కేక్ కోయండి.

6. ప్లాన్‌ను ఆలస్యంగా చెప్పండి.

ఖరీఫ్ జూన్‌లో మొదలవుతుంది. కాబట్టి సర్క్యులర్ జులై ఆఖరున పంపండి. ఏప్రిల్‌లోనే ఇస్తే చదువుతారు, క్యాలిక్యులేటర్ తీస్తారు, ప్రశ్నలు వేస్తారు. సీజన్ మధ్యలో ఎవరికీ తీరిక ఉండదు. నెలనెలా వేరియబుల్ లెక్క చూపించే పని కూడా పెట్టుకోకండి. ఏడాదికి ఒక్కసారి, ఆడిట్ అయ్యాక, జూన్‌లో అని రాయండి. పక్క లైన్‌లోనే "చెల్లింపు తేదీ నాటికి ఉద్యోగంలో ఉన్నవారికే" అని చేర్చండి. ఏప్రిల్, మేలలో మానేసినవాళ్లందరి వేరియబుల్ మిగులు కింద పడుతుంది. మంచివాళ్లే ముందు వెళ్తారు కాబట్టి మిగులు కూడా పెద్దదే.

7. సాకులు ముందే కట్టి ఉంచుకోండి.

ఫోన్ చేసి అడిగితే, "ఫైల్ ఫైనాన్స్ దగ్గరుంది" అనండి. ఫైనాన్స్‌ను అడిగితే వాళ్లు సేల్స్ వైపు చూపిస్తారు, అలా చూపించమని వాళ్లకు ముందే చెప్పి పెట్టుకోండి. వానలు లేవని మొత్తుకుంటే, "పక్క టెరిటరీవాడు చేశాడుగా" అనండి. ఆ పక్క టెరిటరీ నాగార్జునసాగర్ కాల్వ కిందిదనీ, ఇతనిది మెట్ట అనీ ప్రస్తావించకండి. మరీ గట్టిగా నిలదీస్తే, "ప్లాన్‌ను ఎప్పుడైనా మార్చే హక్కు మేనేజ్‌మెంట్‌కు ఉంది" అనే చివరి లైన్ చదివి వినిపించండి. ఆ లైన్ లేకుండా ఏ ప్లాన్ మీదా సంతకం పెట్టకండి.

8. రిటర్నులు వచ్చినప్పుడు.

పెట్టెలు తిరిగొస్తాయి. డిపో ముందు లారీ ఆగుతుంది, డీలర్ క్రెడిట్ నోట్ అడుగుతాడు. "మీ అబ్బాయి మాటిచ్చాడు" అంటాడు. ఆ అబ్బాయి అప్పటికి వేరే కంపెనీలో ఉంటాడు. ఆ 25 లక్షల రిటర్నును మార్చి లెక్కలో తగ్గించకండి, ఆ ఏడాది మూసేసి మీ బోనస్ కూడా తీసుకున్నారు. కొత్త సీజన్‌లోనే చూపించి, అతని స్థానంలో చేరిన కొత్త కుర్రాడి అమ్మకంలోంచి తీసేయండి. అతను 2.50 కోట్ల టార్గెట్‌కు మైనస్ 25 లక్షల దగ్గర మొదలవుతాడు, ఆ ఏడాది కూడా వేరియబుల్ కట్టే పని మీకు ఉండదు.