పిల్లల తలనొప్పికి పాటించకూడని మూడు సలహాలు

వానాకాలం వచ్చిందంటే దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ ఇళ్లల్లో పిల్లలు జ్వరంతో, తలనొప్పితో మంచం పడతారు. ఆ వెనకే ఇరుగుపొరుగు సలహాలు మొదలవుతాయి.

"నానమ్మ గుండెబిళ్ల సగం విరిచి వేయండి." చాలా ఇళ్లల్లో ఆ బిళ్ల ఆస్పిరినే. నీళ్లలో బుస్సుమని కరిగే డిస్ప్రిన్‌లో ఉండేదీ అదే. ఫ్లూ, ఆటలమ్మ వంటివి సోకిన పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తే అరుదుగా రై సిండ్రోమ్ వస్తుంది. జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకునే వేళకు ఆగని వాంతులు పట్టుకుంటాయి, తర్వాత మగత, పొంతనలేని మాటలు. కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, మెదడు వాస్తుంది, ప్రాణమూ పోవచ్చు. అమెరికాలో 1979-80లో 555 కేసులు నమోదయ్యాయి. పిల్లలకు ఆస్పిరిన్ వద్దని హెచ్చరించాక, 1987 నుంచి 1997 దాకా ఏ ఏడాదీ 36 దాటలేదు. కవాసాకి వంటి కొన్ని జబ్బులకు డాక్టర్లే ఇస్తారు. అది వేరు. ఇంట్లో మాత్రం 16 ఏళ్లలోపు వాళ్లకు సగం బిళ్ల కూడా వద్దు.

"ఏ సిరప్ అయితేనేం, 5 ఎంఎల్ పోయండి." ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. పారాసిటమాల్ మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 20 కిలోల పాపకు ఒక్కసారికి 200 నుంచి 300 మిల్లీగ్రాములు. 5 ఎంఎల్‌లో 250 మిల్లీగ్రాములున్న సీసా అయితే 5 ఎంఎల్ సరిపోతుంది. అదే 120 సీసా అయితే 5 ఎంఎల్‌తో సగం మందే అందుతుంది, 10 ఎంఎల్ పోయాలి. ఆ 10 ఎంఎల్ అలవాటుతోనే మరోసారి 250 సీసాలోంచి పోస్తే 500 మిల్లీగ్రాములవుతుంది. రోజుకు నాలుగుసార్లు అలా పడితే కాలేయానికి ముప్పు. అందుకే ముందు లేబుల్ చదవండి, వంటింటి చెంచాతో కాకుండా సీసాతో వచ్చిన కొలత మూతతో పోయండి. డోసుకూ డోసుకూ మధ్య కనీసం 4 గంటలు ఉండాలి, రోజుకు నాలుగు డోసులు మించొద్దు. పారాసిటమాల్ కలిసిన జలుబు సిరప్ ఇస్తున్నట్లయితే అదీ లెక్కలోకి వస్తుంది.

"తగ్గలేదా, ఐబుప్రోఫెన్ వేసేయండి." జ్వరం లేని మామూలు తలనొప్పికి అది మంచి మందే. కిలోకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు, తిన్నాక, 6 నుంచి 8 గంటలకోసారి. కానీ జ్వరం ఉంటే, డెంగీ కాదని తేలేదాకా దాని జోలికి పోవద్దు. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఆటలమ్మలోనూ, వాంతులతో ఒంట్లో నీరు తగ్గినప్పుడూ వద్దు.

మెడ బిగుసుకున్నా, నిద్రలోంచి లేపేంత నొప్పి వచ్చినా, తలకు దెబ్బ తగిలాక మొదలైనా, పిల్ల మత్తుగా ఉన్నా ఏ సిరప్ పోయాలని ఆలోచించకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.