వెళ్లి ఉత్తరం రాస్తాం

పూర్వం పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు పకోడీలు తిని, కాఫీ తాగి, లేచి చెప్పులు వేసుకుంటూ ‘ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం’ అనేవారు. ఆ ఉత్తరం కోసం ఆడపిల్ల తండ్రి నెలల తరబడి పోస్ట్‌మ్యాన్ వంక చూసేవాడు. ఇప్పుడు పెళ్లిచూపుల్లో ఆ మాట ఎవరూ అనడం లేదు. అది గచ్చిబౌలికి మకాం మార్చి ‘వీ విల్ గెట్ బ్యాక్ టు యూ’గా పేరు మార్చుకుంది.

జూలై 13, సోమవారం సాయంత్రం ఆ మాట విన్న కుర్రాడు ఎస్సార్‌నగర్ హాస్టల్లో ముగ్గురు పంచుకునే గదిలో ఉంటాడు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో మూడేళ్ల అనుభవం. వెళ్లింది మూడో రౌండ్‌కు. మేనేజరు నవ్వాడు, టీమ్‌లో ఎంతమంది ఉన్నారో చెప్పాడు, ‘క్యాబ్ సౌకర్యం ఉంది’ అని కూడా అన్నాడు. క్యాబ్ దాకా వచ్చాక ఉద్యోగం ఎక్కడికి పోతుంది అనుకున్నాడు కుర్రాడు. ఆ రాత్రే హెచ్‌ఆర్ మేడమ్‌కు ధన్యవాదాల మెయిల్ పంపాడు.

ఊళ్లో నాన్న మాత్రం క్యాలెండర్ చూసి పెదవి విరిచాడు. ‘రేపు అమావాస్య, ఎల్లుండి నుంచి ఆషాఢం. మంచి కబుర్లన్నీ శ్రావణంలోనేరా’ అన్నాడు.

నాలుగో రోజు జీమెయిల్ తనే గుర్తుచేసింది. ధన్యవాదాల మెయిల్ పక్కన నారింజ రంగులో `Sent 3 days ago. Follow up?` అని. జవాబు రాని మెయిళ్లను గుర్తుచేయడం దాని పని. అడగని సలహా ఇచ్చే మేనమామలా అది వచ్చిన ప్రతిసారీ కుర్రాడి బీపీ పెరిగింది. రెండో వారం ఫోన్ చేశాడు, ఎత్తలేదు. మూడో వారం వాట్సాప్ పెట్టాడు, రెండు టిక్కులు పడ్డాయి గానీ నీలం కాలేదు. ఇంతలో గోల్కొండ బోనాలు అయ్యాయి, లష్కర్ బోనాలు అయ్యాయి, పాతబస్తీ బోనాలూ అయ్యాయి. రంగంలో భవిష్యవాణి చెప్పే జోగిని కూడా వానల గురించి చెప్పింది తప్ప ఆఫర్ లెటర్ల ఊసెత్తలేదు.

నెల నిండబోతుండగా ఒక రాత్రి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

మొదటి చిత్తు చూస్తే ఎవరికైనా తమ ఆరో తరగతి గుర్తొస్తుంది. మన పిల్లలకు బడిలో మొట్టమొదట నేర్పే ఇంగ్లిష్ ఉత్తరం లీవ్ లెటర్. ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అని మొదలై ‘యువర్స్ ఒబీడియంట్లీ’తో ముగుస్తుంది. ఆ తర్వాత ఇంజనీరింగ్ చదివినా, అమీర్‌పేటలో నాలుగు కోర్సులు చేసినా, పెద్దవాళ్లకు ఉత్తరం అనగానే చెయ్యి ఆ జ్వరం ఉత్తరం వైపే పోతుంది. ‘రెస్పెక్టెడ్ మేడమ్’తో మొదలైన ఈ మెయిల్లో ‘కైండ్లీ’ ఆరుసార్లు వచ్చింది. ‘డూ ద నీడ్‌ఫుల్’ ఉంది, ‘రివర్ట్ బ్యాక్’ ఉంది. తాను ఎంత కష్టజీవో, ఆ సంస్థంటే ఎంత ఇష్టమో, నాన్న రిటైరై ఎన్నేళ్లయిందో ఉంది. రెండువందల పై చిలుకు మాటలున్న ఆ మెయిల్లో ఒక్క ప్రశ్న గుర్తు కూడా లేదు.

గదిలో ఉన్న స్నేహితుడు చదివి, ‘మామా, ఇది మెయిలా, ఆరోగ్యశ్రీ దరఖాస్తా?’ అన్నాడు.

కుర్రాడికి రోషం వచ్చింది. అదే సమయానికి కెనడాలో ఉన్న పెద్దమ్మ కొడుకు ఫోన్ చేసి దానికి ఆజ్యం పోశాడు. అక్కడ ఒంటారియోలో 2026 జనవరి 1 నుంచి కొత్త నిబంధన ఉందట. 25 మంది లేక అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ బహిరంగంగా ప్రకటన ఇచ్చి ఇంటర్వ్యూ చేస్తే, చివరి ఇంటర్వ్యూ అయిన 45 రోజుల్లోపు, ఆ ఉద్యోగంపై నిర్ణయం అయిందో లేదో అభ్యర్థికి చెప్పి తీరాలి. ఇది పుకారు కాదు, చట్టమే. రెండో చిత్తు ఆ చట్టంతోనే మొదలైంది. ‘నాగరిక దేశాల్లో’ అన్న మాట రెండుసార్లు వచ్చింది. చివర్లో, ‘నా సమయానికి విలువ లేదా?’ అని ప్రశ్న గుర్తు కూడా పడింది.

‘బాగుంది మామా, కానీ గచ్చిబౌలి ఒంటారియోలో లేదు. శేరిలింగంపల్లి మండలంలో ఉంది’ అన్నాడు స్నేహితుడు.

పైగా అక్కడి లెక్కన చూసినా 45 రోజులు ఆగస్టు 27కు గానీ నిండవు. కోపం కూడా పదిహేను రోజులు ముందే వచ్చేసింది.

రాత్రి మెస్‌లో సాంబారు పోసుకుంటూ ఈ గొడవంతా విన్నది పై అంతస్తులో ఉండే అన్న. ఆరేళ్లు రిక్రూటర్‌గా చేసి, విసుగొచ్చి మానేసినవాడు. ‘తమ్ముడూ, వాళ్లు నిన్ను మర్చిపోలేదు. అటక మీద పెట్టారు’ అన్నాడు.

అటక సంగతి ఇదీ. కంపెనీల్లో దరఖాస్తులన్నీ ఒక సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. ప్రతి అభ్యర్థి పేరు పక్కన ఒక స్థితి ఉంటుంది. చాలాచోట్ల దాన్ని ‘రిజెక్టెడ్’ అని మార్చగానే, ‘మీ ఆసక్తికి ధన్యవాదాలు’ అనే తయారు మెయిల్ దానంతటదే వెళ్లిపోతుంది. ‘సెలెక్టెడ్’ అని మారిస్తే హెచ్‌ఆరే ఫోన్ చేస్తుంది. ‘హోల్డ్’ అని పెడితే మాత్రం ఎవరికీ ఏమీ వెళ్లదు. ఆ మీటకు మెయిల్ తగిలించడం ఎవరికీ తోచలేదు, ఎందుకంటే అందులో రాయాల్సిన నిజం ఎవరూ రాయలేరు. ‘అయ్యా, మీరు రెండో స్థానంలో ఉన్నారు. మొదటివాడు హ్యాండిస్తే మీకు కబురు పెడతాం’ అని ఏ హెచ్‌ఆర్ రాస్తుంది?

మొదటివాడు హ్యాండివ్వడం మన ఐటీలో అరుదేమీ కాదు. నోటీసు పీరియడ్ 60 రోజులు, పెద్ద కంపెనీల్లో 90 రోజులు. ఆఫర్ చేతిలో పెట్టుకుని మూడు నెలలు పాత కుర్చీలోనే కూర్చోవాలి. ఆ మూడు నెలల్లో మనిషి ఊరికే కూర్చోడు. ఆ ఆఫర్ చూపించి ఇంకోచోట ఇంకో లక్ష ఎక్కువకు మాట్లాడుకుంటాడు. చేరాల్సిన రోజు పొద్దున ఫోన్ స్విచాఫ్ చేస్తాడు. ఈ దెబ్బ తిన్న హెచ్‌ఆర్, రెండోవాడికి ‘నో’ చెప్పి పంపించదు. ‘ఎస్’ చెప్పే వీలు లేదు. అందుకని నోరు మూసుకుంటుంది.

‘అంటే నేను స్టెప్నీనా అన్నా?’

‘అవును. స్టెప్నీ టైరులో ఏం చూస్తారు? గాలి ఉందా, వెంటనే బిగించొచ్చా అని. నువ్వు ఎంత కష్టజీవివో మూడు రౌండ్లలో చూశారు. ఇప్పుడు వాళ్లకు కావాల్సింది నువ్వెప్పుడు చేరగలవన్నది. నోటీసు ఎంత?’

‘అరవై రోజులు.’

‘అపాయింట్‌మెంట్ లెటర్ ఎప్పుడైనా పూర్తిగా చదివావా?’

చదవలేదు. ఎవరూ చదవరు, జీతం ఉన్న పేజీ చూసి మిగతా వాటిమీద సంతకాలు పెడతారు. ఆ రాత్రి తీసి చదివితే చివరి పేజీల్లో ఒక క్లాజు దొరికింది: నోటీసులో 30 రోజుల వరకు బేసిక్ జీతం కట్టి వదిలించుకోవచ్చు. బైఅవుట్ అంటారు. అంటే అరవై కాస్తా ముప్ఫై అయింది. మూడేళ్లుగా డ్రాయర్లో ఉన్న కాగితంలోంచి కుర్రాడికి నెల రోజులు దొరికాయి.

‘వేరే ఆఫర్ ఉందని కూడా రాయనా అన్నా? భయపడతారు’ అన్నాడు ఉత్సాహంగా.

‘రాస్తే కాపీ పంపమంటారు. ఉందా?’

లేదు. ఆ వాక్యం పుట్టకముందే పోయింది.

మూడో చిత్తుకు కొత్త మెయిల్ తెరవలేదు. జూలై 13 నాటి ధన్యవాదాల మెయిల్ కిందే జవాబు కొట్టాడు. రోజుకు వంద మందితో మాట్లాడే మనిషికి ‘నేనే మేడమ్, నీలం చొక్కా’ అంటే గుర్తురాదు. పాత మెయిల్ కింద రాస్తే ఇంటర్వ్యూ తేదీ, ఉద్యోగం నంబరు, పేరు అన్నీ అక్కడే ఉంటాయి, వెతుక్కునే పని లేదు. ఇంగ్లిష్‌లో రాసిన ఆ మెయిల్ తెలుగులో ఇలా ఉంటుంది:

‘నమస్తే మేడమ్. జూలై 13న ఆటోమేషన్ టెస్టర్ ఉద్యోగానికి నా మూడో రౌండ్ జరిగింది. ఆ ఉద్యోగం భర్తీ అయిందా, హోల్డ్‌లో ఉందా, ఇంకా నిర్ణయం కాలేదా? అప్పట్లో నా నోటీసు 60 రోజులని చెప్పాను. 30 రోజులకు బైఅవుట్ వీలుందని ఇప్పుడు చూసుకున్నాను. కాబట్టి ఆఫర్ వచ్చిన నెల రోజుల్లో చేరగలను. భర్తీ అయిపోయి ఉంటే ఆ మాటే చెప్పండి, నేను వేరే ప్రయత్నాలు చూసుకుంటాను. ధన్యవాదాలు.’

జ్వరం లేదు, ఒంటారియో లేదు. ‘కైండ్లీ’ ఒకటి ఎలాగో దూరితే అన్న తీసేశాడు. మూడు జవాబుల్లో ఒకటి ఎంచుకుంటే చాలు. హెచ్‌ఆర్ మేడమ్ లిఫ్టులో నిలబడి బొటనవేలితో రాయగలిగినంత పని.

పంపే రోజు మీద కూడా చర్చ జరిగింది. ఆగస్టు 14 శుక్రవారం, మర్నాడు స్వాతంత్ర్య దినం, ఆ మర్నాడు ఆదివారం. శుక్రవారం పంపితే మెయిల్ సోమవారం నాటి గుట్టలో అడుగున పడుతుంది. అందుకే 13, గురువారం పొద్దున పదిన్నర. యాదృచ్ఛికంగా అదే శ్రావణ శుద్ధ పాడ్యమి. నాన్నకు ఈ సంగతి చెబితే తన ముహూర్తమే అనుకుంటాడని చెప్పలేదు.

జీమెయిల్లో పంపిన మెయిల్‌ను వెనక్కి లాక్కునే గడువు మామూలుగా అయిదు సెకన్లు, సెట్టింగుల్లో 30 దాకా పెంచుకోవచ్చు. మనవాడు ముందే 30 పెట్టుకున్నాడు. మీట నొక్కాడు. `Undo` అని కింద కనిపించింది. ఆ ముప్ఫై సెకన్లలో రెండుసార్లు వెనక్కి లాగి, మేడమ్ పేరు స్పెల్లింగ్ చూసుకుని, మూడోసారి వదిలేశాడు.

మధ్యాహ్నం మూడూ పదికి జవాబు వచ్చింది. రెండు వాక్యాలు. ‘హోల్డ్‌లో ఉంది, సెప్టెంబరు మొదటి వారంలో తెలుస్తుంది. ఈలోగా మీ ఎక్స్‌పెక్టెడ్ సీటీసీలో ఏమైనా తగ్గించుకునే అవకాశం ఉందేమో చెప్పగలరు.’

సాయంత్రం నాన్న ఫోన్.

‘ఉత్తరం వచ్చిందా?’

‘వచ్చింది నాన్నా. మొదటి సంబంధం ఇంకా తేలలేదంట. ఈలోగా మనం కాస్త తగ్గుతామా అని అడుగుతున్నారు.’

అవతల కాసేపు నిశ్శబ్దం. కుర్రాడు నాన్న బాధపడ్డాడనుకున్నాడు. కానీ ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేసిన మనిషి ఆయన.

‘కట్నం దగ్గరికొచ్చారా! అయితే పిల్ల నచ్చింది’ అన్నాడు. ‘వెంటనే ఒప్పుకోకు. ఆదివారం దాకా ఆగి, ఇంట్లో మాట్లాడుకుని ఉత్తరం రాస్తామని చెప్పు.’