ఇరవై ఏడు లక్షల చప్పట్లు

"సభాధ్యక్షులవారికి, వేదికను అలంకరించిన పెద్దలకు, డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో చూస్తున్న మన పూర్వ విద్యార్థులకు నమస్కారాలు. దాతల ఔదార్యం వల్ల ఈ ఏడాది మన పాఠశాలకు సమకూరిన మొత్తం అక్షరాలా ఇరవై ఏడు లక్షల నలభై ఒక్క వేల నూట పదహారు రూపాయలని ప్రకటించడానికి గర్విస్తున్నాను!"

చప్పట్లు మోగాయి. సౌండు కుర్రాడు సందర్భం చూసి రికార్డు డప్పు కూడా వేశాడు. స్టేజీ వెనక గడ్డం అంటించుకుని గంటన్నరగా నిలబడ్డ అయిదో తరగతి అల్లూరి సీతారామరాజు మాత్రం గడ్డం గోక్కుంటూ, తన డాన్సు ఎప్పుడని టీచరమ్మను పదోసారి అడిగాడు. పేర్లు చదవడం అయ్యాక అంది ఆవిడ. పేర్లు అయ్యేసరికి పది దాటింది, గడ్డం ఊడింది.

ఈ ఉపన్యాసం చేసిన హెడ్మాస్టారు ఏ ఒక్కరో కాదు. పెనుగొండలోనూ చుట్టుపక్కల మార్టేరు, ఆచంట, సిద్ధాంతం వైపు సభల్లోనూ వినబడే ఉపన్యాసాలన్నీ కలిపి నేను నిలబెట్టిన మనిషి. బడి ప్రభుత్వానిది, పేరు లేదు. అంకెలు నేను వేసినవే. ఆ అంకెలను కూడే పద్ధతి మాత్రం నాది కాదండీ, అది వేదికల సొత్తు.

మాస్టారూ, మీరు లెక్కల మాస్టారుగా ఉన్న రోజుల్లో పిల్లాడు మామిడిపళ్లను, మామిడి చెట్లను కలిపి కూడితే చెవి మెలేసేవారు. మరి ఈ మొత్తం ఎలా కూడారో బోర్డు మీద వేసి చూద్దాం.

చేతికొచ్చిన నగదు, చెక్కులు, ఫోన్‌పేలో పడ్డవి అన్నీ కలిపి 3,86,116 రూపాయలు. ఇదొక్కటే డబ్బు. ఆ చివరి నూట పదహార్లు ఇచ్చింది ఎవరనుకున్నారు? బడి పక్కన బడ్డీకొట్టు పెట్టుకున్నావిడ. ఆవిడ నోట్లే ఇచ్చింది, రసీదు అడగలేదు, మీరూ ఇవ్వలేదు.

తర్వాత మైకులో పలికిన మాటలు, 9,00,000. ఇందులో డల్లాస్ అబ్బాయి అన్నది అయిదు లక్షలు. మిగతా నాలుగు వేదిక మీదే పుట్టాయి. ముందు వరసలో కూర్చున్న బియ్యం మిల్లు ఆసామి లక్ష అన్నారు. పక్కన కొబ్బరి వ్యాపారికి ఆ మాట వినబడగానే కండువా సర్దుకుని లక్షా నూట పదహార్లు అన్నారు. ఆ పైనున్న నూట పదహార్లూ బడి మీద ప్రేమ కాదని ఊరందరికీ తెలుసు. మీకూ తెలుసు, అందుకే మిల్లు ఆసామి ముఖం చూసి మైకు మళ్లీ ఆయన చేతికే ఇచ్చారు. ఇచ్చేదెప్పుడు అని మాత్రం అడగలేదు. "దాళ్వా పంట చేతికొచ్చాక" అని ఆయనే సెలవిచ్చారు. దాళ్వా వచ్చే నాటికి బడికి వేసవి సెలవులు, సార్వా వచ్చే నాటికి తుపాను, ఈ రెండూ దాటేసరికి మళ్లీ వార్షికోత్సవం.

వస్తువుల విలువ 4,55,000. మంచినీళ్ల ఆర్వో ప్లాంటు రెండున్నర లక్షలు, బెంచీలు లక్షా ఇరవై వేలు, ఒక ఆఫీసు మార్చేసిన పాత కంప్యూటర్లు ఎనభై అయిదు వేలు. ఆ విలువ కట్టిందెవరు? ఇచ్చినాయనే. పాతసామాన్ల బండివాడిని పిలిచి ఆ కంప్యూటర్లకు ధర అడిగే ధైర్యం ఉందా మాస్టారూ?

ఇక కిందటేడు ప్రకటించి ఈ ఏటికీ రానివి 6,00,000. వీటిని ఈ ఏటి మొత్తంలో మళ్లీ కలిపారు. పోనీ ఈ సారైనా వస్తాయని నమ్మకం అన్నారు. రాకపోతే పై ఏడు ముచ్చటగా మూడోసారి కలుస్తాయి. ఈ లెక్కన ఎగ్గొట్టినవాడి వల్ల బడికి వచ్చే కీర్తి ఇచ్చినవాడి వల్ల రాదు. ఇచ్చినవాడి డబ్బు ఒకసారే లెక్కకొస్తుంది.

ఆఖరిది శాశ్వత నిధి, 4,00,000. ఎప్పుడో ఒక పుణ్యాత్ముడు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, వడ్డీతో మెరిట్ పిల్లలకు బహుమతులు ఇవ్వమన్నాడు. అసలు ముట్టుకోవడానికి లేదు. దాన్నీ ప్రతి ఏడూ కొత్త పెళ్లికూతుర్ని చేసి వేదికెక్కిస్తున్నారు.

కూడండి. 27,41,116 సరిపోయింది. మీ కూడిక తప్పని ఎవడన్నాడు?

ఇప్పుడు తీసివేత. షామియానా, లైటింగు, సౌండు, ఊరి సెంటర్ నుంచి బడి గేటు దాకా ఫ్లెక్సీలు, శాలువాలు, జ్ఞాపికలు, పెద్దల భోజనాలు, అన్నీ కలిపి 1,42,000. ఇవి వచ్చిన 3,86,116లోంచే పోతాయి, మైకులో పలికిన తొమ్మిది లక్షల్లోంచి పోవు. షామియానా వాడు దాళ్వా దాకా ఆగడు కదా. మిగిలింది 2,44,116. డిపాజిట్ మీద ఏడు శాతం వడ్డీ వేసుకుంటే మరో 28,000. వెరసి 2,72,116. చప్పట్లు కొట్టిన ప్రతి రూపాయికీ బడిలో ఖర్చుపెట్టడానికి మిగిలింది పది పైసలకు కొంచెం తక్కువ.

డల్లాస్ అబ్బాయి మాటకొద్దాం. పాపం, అతనికి ఇవ్వాలనే ఉంది. అతని దగ్గర ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపవచ్చు, గొడవ లేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే అదే డబ్బు చట్టం దృష్టిలో విదేశీ విరాళం. అది పుచ్చుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత అలాంటి డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. మీ పూర్వ విద్యార్థుల సంఘానికి ఉన్నది ఒక రబ్బరు స్టాంపు, ఒక వాట్సాప్ గ్రూపు. అబ్బాయి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగకుండానే అయిదు లక్షలూ మొత్తంలో కూర్చున్నాయి. రెండేళ్లు పోయాక "అమెరికా వాళ్లు చెప్పడమే గానీ ఇవ్వరు" అని నింద అతని మీదే పడుతుంది.

"ఇచ్చిన ప్రతి పైసాకూ ఇన్‌కమ్‌టాక్స్ మినహాయింపు వస్తుంది" అని కూడా సెలవిచ్చారు. ఆ మినహాయింపు అందుకు అనుమతి పొందిన సంస్థకు ఇస్తేనే వస్తుంది. అనుమతి ఉన్నా రెండు వేలు దాటి నగదుగా ఇచ్చినదానికి రాదు, వస్తురూపంలో ఇచ్చినదానికి అసలే రాదు. అంటే ఆర్వో ప్లాంటు ఆయనకు మీరిచ్చింది శాలువా ఒక్కటే.

ఆ ప్లాంటు దగ్గర కాసేపు నిలబడాలి. గోడకు నల్ల గ్రానైట్ పలక, దాని మీద బంగారు రంగులో దాత పేరు, తండ్రి పేరు, తాతగారి పేరు, ప్రారంభించిన వారి పేరు, ఆ రోజు తిథి. పలక కింద కుళాయి. ప్లాంటులో నీటిని వడకట్టే మెంబ్రేన్‌ను ఉప్పు, మట్టి పట్టేశాక మార్చాలి. దానికి ముందుండే దారపు ఫిల్టర్లనైతే నెలల్లోనే మార్చాలి. మన కాలువ నీళ్ల ఒండ్రు సంగతి చెప్పేదేముంది? మార్చకపోతే ధార సన్నబడుతుంది, మోటారు మోత పెరుగుతుంది, నీళ్లు మళ్లీ ఉప్పగా వస్తాయి. ఫిల్టరు కొనడానికి దాత దొరకడు, ఎందుకంటే ఫిల్టరు మీద పేరు చెక్కడానికి చోటు లేదు. వేసవిలో కాలువలు కట్టేసే నాటికి పిల్లలు ఇంటి నుంచి సీసాలు తెచ్చుకుంటారు. పలక మాత్రం మెరుస్తూనే ఉంటుంది, అటెండరు రోజూ తుడుస్తాడు.

పాతకాలపు బడిపంతుళ్లు దసరాకు పిల్లల చేతికి విల్లంబులు ఇచ్చి, పాటలు పాడించుకుంటూ ఇంటింటికీ తిరిగేవారు. వాళ్లను చూసి నవ్వుకునేవారు చాలామంది. కానీ ఆ పంతులు సాయంత్రం ఇంటికెళ్లి కొంగు విప్పితే పొద్దుట్నుంచి వచ్చినదంతా అక్కడే ఉండేది. ఇస్తానన్న వరహా ఒక్కటీ అందులో కలిసేది కాదు.

మీ ఉపన్యాసంలో డొక్కా సీతమ్మగారిని కూడా తలచుకున్నారు. బడి భోజనానికి ఆవిడ పేరే ఉంది గనక సందర్భం బాగానే కుదిరింది. పి.గన్నవరం దగ్గర లంకలో వచ్చినవాడికి వచ్చినట్టు అన్నం పెట్టిన ఇల్లాలు ఆవిడ. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక వేడుకకు పిలుపొస్తే అన్నం పెట్టే పని ఆగుతుందని వెళ్లలేదని గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మీ వేదిక మీద ఆవిడ కూర్చుని ఉంటే ఎన్ని వేల విస్తళ్లని అడిగి, మొత్తంలో కలిపేసేవారు.

ఇంతకీ ఈ లెక్క అడగాల్సిందెవరు? 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ తీసి చూడండి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ప్రభుత్వం ఇచ్చిన డబ్బే కాదు, మరెక్కడి నుంచి వచ్చిన డబ్బయినా ఎలా ఖర్చయిందో చూడటం ఆ కమిటీ పని. ఆ రాత్రి కమిటీలోని తల్లులు ఎక్కడున్నారో చూశారా మాస్టారూ? కుర్చీలు దాతల వరసకే చాలలేదు. వాళ్లు కాంపౌండు గోడ దగ్గర దోమలు తోలుకుంటూ నిలబడ్డారు. ఇరవై ఏడు లక్షలని వినగానే ఒకావిడ పక్కావిడతో, "అయితే ఆడపిల్లల బాత్రూముకు తలుపు పెట్టిస్తారేమో" అంది. ఆ రాత్రి మొత్తంలో డబ్బు సంగతి సూటిగా మాట్లాడింది ఆవిడొక్కతే.

హెడ్మాస్టర్ మీద జాలి లేకపోలేదు. సున్నం కొనడానికీ సుద్దముక్కలు కొనడానికీ సరిపోని గ్రాంటుతో బడి నడపమంటారు, అడుక్కోవడం ఆయన ఉద్యోగంలో రాయని భాగం. కిందటేటి కంటే ఈ ఏటి అంకె చిన్నదైతే ఎంఈఓ ఆఫీసులోనే ఆయన ముఖం చిన్నబోతుంది. అయినా ఆ భయం పేరు చెప్పి లేని డబ్బును ఉన్నట్టు చదివితే, ఉన్న అవసరం లేనట్టే అయిపోతుంది. ఇరవై ఏడు లక్షలున్న బడికి తలుపు కావాలంటే రేపు ఎవరిస్తారు?

అయ్యా దాతలూ, అమ్మా తల్లులూ, పై ఏడు వార్షికోత్సవానికి పిలుపు వస్తే తప్పక వెళ్లండి. కొత్త మొత్తం చదవడానికి ముందే లేచి నిలబడి రెండు కాగితాలు అడగండి. ఒకటి, కిందటేడు పలికినవారిలో ఎవరెంత ఎప్పుడిచ్చారో రసీదు నంబర్లతో. రెండోది, ఆ రోజు ఉదయం బ్యాంకు పాస్‌బుక్కులో ఉన్న నిల్వ. వచ్చింది, ఇస్తామన్నది, వస్తువు, ఈ మూడూ మూడు వరసల్లో విడివిడిగా చదవమనండి. మూడూ కలిపి చదివితే చప్పట్లు కొట్టకండి.