పొగమంచు తెలుపు తెలుపు కాదట

అరకులో కొట్టు పెట్టుకున్నవాడికి ఒక సుఖం ఉంది. షట్టర్ ఎత్తాడా లేదా, బల్ల మీద మిరియాల సంచి ఉందా లేదా, పొద్దున్నే ఎదురుకొట్టువాడు చూసిపెడతాడు. మూసి ఉంటే ఎందుకు మూశావంటాడు, తెరిచి ఉంటే బేరాల్లేవేమంటాడు. ఆన్‌లైన్ కొట్టుకి ఎదురుకొట్టువాడు లేడు. షట్టర్ దానంతట అదే దిగిపోతుంది. లోపల మనం లైట్లేసుకుని, బల్ల తుడుచుకుని, ఇవాళ గిరాకీ డల్లుగా ఉందేమిటా అని ఆవులిస్తూ కూర్చుంటాం.

మా ఊరి మహిళా సంఘం కాఫీ పొడి, మిరియాలు, పసుపు, రాజ్మా, తేనె అమ్ముతుంది. పెద్దా చిన్నా ప్యాకెట్లన్నీ కలిపి 42 రకాలు, ఓ పెద్ద ఆన్‌లైన్ అంగడిలో పెట్టాం. సరుకు పని వాళ్లది, కంప్యూటర్ పని నాది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ పేరు కొట్టి వెతికేవాళ్లకి కొదవ లేదు. కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్లకి పాకే మిరియాలకీ మంచి పేరే ఉంది. వెతికినప్పుడు మనం కనబడాలి, అంతే కావలసింది. అక్కడే వచ్చింది తంటా.

"ఏటి తమ్ముడూ, మిరియాలకి ఒక్క ఆర్డరూ లేదేటి? అన్నీ కట్టి పెట్టేసినాను" అంది ప్యాకింగ్ చూసే అక్క. తెరిచి చూశాను. మిరియాలు 100 గ్రాములు, స్థితి `Active`, సరుకు 40. అంతా పచ్చగానే ఉంది. అక్కకి స్క్రీన్ చూపించి, "లోకం మిరియాలు మానేసిందక్కా" అన్నాను. అక్క నమ్మలేదు. లోకానికి జలుబు చేసే కాలమది.

కొనేవాడిలా నా ఫోన్లోంచి వెతికితే అప్పుడు తెలిసింది. కేరళ మిరియాలున్నాయి, మిరియాలు దంచే చిన్న రోలుంది, మిరియాల వాసనొచ్చే సబ్బు కూడా ఉంది. మావి లేవు. లింకు నేరుగా నొక్కితే మాత్రం పేజీ చక్కగా తెరుచుకుంటోంది. దీన్నే సప్రెస్ కావడమంటారు. సరుకు తీసెయ్యరు, ఖాతా మూయరు. వెతికేవాడికి చూపించరు, అంతే. మన లెక్కలో బతికే ఉంటుంది కాబట్టి మనకి అనుమానం రాదు.

కారణం బొమ్మ. సామాన్యంగా ఇలాంటి అంగళ్లన్నీ మొదటి బొమ్మ వెనక అచ్చమైన తెలుపు ఉండాలంటాయి. అమెజాన్ నియమమే తీసుకోండి: వెనక రంగు ఆర్‌జీబీ లెక్కలో 255, 255, 255 ఉండాలి, ఫ్రేములో 85 శాతం సరుకే నిండాలి. మా మిరియాల ఫొటో తీసింది మా బావ. డిసెంబరు పొద్దున్న, పెరట్లో స్టూలు వేసి, దాని మీద ప్యాకెట్ పెట్టి తీశాడు. వెనకాల లోయంతా మంచులో మునిగి ఏమీ కనబడట్లేదు. "స్టూడియో ఎందుకురా? దేవుడే తెల్లగుడ్డ కట్టాడు" అన్నాడు. కంటికి తెల్లగానే ఉంది మరి. కంప్యూటర్లో రంగు కొలిస్తే 228, 233, 238 వచ్చింది. తెలుపులో కాస్త నీలం కలిసిన బూడిద రంగన్నమాట. పెట్టిన రోజున ఎవరూ అడ్డుచెప్పలేదు. తర్వాతెప్పుడో అంగడివాళ్ల యంత్రం మళ్లీ తిరగేసినట్టుంది, పక్కన పెట్టేసింది. ఆ పొగమంచు చూడ్డానికే జనం విశాఖ నుంచి అద్దాల బోగీలో టిక్కెట్టు కొనుక్కొస్తారు. యంత్రానికి మాత్రం అది ఉతకని గుడ్డ.

బావ తీసిన ఫొటోలో ప్యాకెట్ చుట్టూ కత్తిరించి వెనక అచ్చ తెలుపు వేశాం, మర్నాటికి మిరియాలు మళ్లీ కనబడ్డాయి. బావ మాత్రం ఇప్పటికీ 228 ఎందులో తక్కువో చెప్పమంటాడు.

అప్పుడు రాసుకున్నదే మా పొద్దుటి చెకింగ్. పని చిన్నదే. అంగడివాళ్లు రోజూ రెండు ఫైళ్లు ఇస్తారు: ఒకటి మొత్తం సరుకుల జాబితా, రెండోది సెర్చ్‌లోంచి తప్పించినవాటి జాబితా, కారణంతో సహా. మొదటిదొక్కటే చూసి `Active` అంటే బాగున్నట్టే అనుకుంటే మళ్లీ మిరియాల కథే. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. పొద్దున్న ఆరున్నరకి నడుస్తుంది, ప్యాకింగ్ మొదలయ్యేలోపు విషయం తెలియాలని. అద్దె సర్వర్ గడియారం యూటీసీలో ఉంటుంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. అందుకని దానికి ఇలా చెప్పుకోవాలి:

```
0 1 * * * /home/shop/check.sh
```

మా గదిలో కంప్యూటర్‌కే ఈ పని అప్పజెప్పొచ్చు కదా అంటారు. గాలివాన పడితే కొండమీద కరెంటు పోతుంది, చెకింగూ పోతుంది. చెకింగ్ పోయిందని చెప్పేది కూడా చెకింగే.

బొమ్మ లేకపోవడంలోనూ రకాలున్నాయి. లింకు గడి ఖాళీగా ఉంటే సరే, ఎవడైనా పట్టుకుంటాడు. లింకుండి బొమ్మ తెరుచుకోకపోతే, ఓసారి తెరిచి చూస్తే దొరికిపోతుంది. గడుసుది మూడోది: లింకు తెరుచుకుంటుంది, బొమ్మా వస్తుంది, ఆ బొమ్మ మీద "బొమ్మ లేదు" అని రాసి ఉంటుంది. కంప్యూటర్ దృష్టిలో అదీ బొమ్మే, మహా సంతోషంగా లెక్కలో వేసుకుంటుంది. దీనికి నా చిట్కా ఒకటే. ప్రతి బొమ్మ ఫైలుకీ ఒక హ్యాష్ కడతాను. పసుపుకీ, తేనెకీ, రాజ్మాకీ ఒకే హ్యాష్ వచ్చిందంటే ఆ మూడింటికీ బొమ్మ లేనట్టే.

సరుకు సంగతిలో నాకూ బావకీ వాదన నడిచింది. సున్నా అయితే మెసేజ్ పెట్టమంటాడు. సున్నా అయ్యాక చెప్పడం చెకింగ్ కాదు బావా, సంతాపం అన్నాను. మా కాఫీ పొడి రోజుకి సుమారు 6 ప్యాకెట్లు పోతుంది. గింజ విశాఖ వెళ్లి, వేగి, పొడై, ఘాట్ రోడ్డెక్కి తిరిగి రావడానికి 4 రోజులు. అంటే 24 ప్యాకెట్లు మిగిలినప్పుడు పురమాయిస్తే, కొత్త సరుకు దిగేసరికి అడుగంటుతుంది. కొండచరియ విరిగి రోడ్డు మీద పడితే ఇంకో రెండు రోజులు, దానికో 12. కాబట్టి కాఫీకి గంట మోగేది 36 దగ్గర. ఇక తేనె అయిపోతే అయిపోయినట్టే, కాలం వచ్చేదాకా తేనెటీగలు మన మెసేజ్ చదవవు. రోజూ "తేనె లేదు" అని గోల పెడుతుంటే మిగతా గోల కూడా ఎవరూ వినరు. అందుకని జాబితాలో "నిద్ర" అని ఓ గడి పెట్టాను. అందులో ఊరికే "అవును" అని రాయకూడదు, లేవాల్సిన తేదీ రాయాలి. కుంభకర్ణుడికైనా ఆర్నెల్లని గడువుంది. తేదీ లేకుండా నిద్రపుచ్చిన సరుకుని తర్వాత లేపేవాడుండడు.

వీటన్నిటికంటే ముచ్చటైన చిక్కు, ఏ చిక్కూ లేని రోజు. "ఫిర్యాదులు 0" అని వచ్చిందనుకోండి. 42 సరుకులూ బాగుండి 0 కావచ్చు. అంగడివాళ్ల ఫైలు ఖాళీగా వచ్చి 0 కావచ్చు. ఖాళీ ఫైల్లో బొమ్మ లేని సరుకు ఒక్కటి లేదు, దాచిన సరుకు ఒక్కటి లేదు, నిండుకున్నదీ లేదు. అంగడే లేనిచోట లోపాలెక్కడివి? రామరాజ్యం. అందుకని అన్నిటికంటే ముందు వరసలు లెక్కపెట్టించాలి:

```
if rows < 0.8 * rows_yesterday:
    alert("ఫైలు అనుమానం")
    exit()
```

నిన్న 42 ఉండి ఇవాళ 33 వచ్చినా ఆగిపోతుంది. అసలు సర్వరే పడుకుంటే ఈ మాట కూడా రాదు కనుక, బాగున్న రోజున కూడా ఒక ముక్క పంపిస్తుంది: "42 చూశాను". ఏడు దాటినా ఆ ముక్క రాకపోతే మనమే వెళ్లి చూడాలి.

మెసేజ్ పొట్టిగా ఉండాలని పెద్దలు ఊరికే అనలేదు. మా వైపు ఊళ్లలో డేటా అందకపోయినా మామూలు ఎస్సెమ్మెస్ ఎలాగో దూరుతుంది, అందుకని అదే నమ్ముకున్నాం. ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాల చోటుంటే తెలుగుకి 70. అదీ మనం లెక్కపెట్టే అక్షరాలు కాదు, గుణింతం గుర్తులూ పొల్లులూ విడివిడిగా లెక్కకొస్తాయి. "మిరియాలు" మనకి నాలుగు, ఫోన్‌కి ఎనిమిది. బావ రాసిచ్చిన నమూనా "గౌరవనీయులైన అమ్మకందారు గారికి నమస్కారం" అని మొదలైంది. లెక్కేస్తే మర్యాదకే 38 ఖర్చు. మిగిలిన 32లో మిరియాల సంగతి చెప్పాలి. చివరికి ఖాయమైంది ఇది: "మిరియాలు 100గ్రా-వెతికితే లేదు-బొమ్మ". 36 గుర్తులు. ఏ సరుకు, ఏమైంది, ఎందుకు. ఇలాంటివి రెండు కలిస్తే 70 దాటి రెండు మెసేజ్‌ల డబ్బులు పడతాయి, అందుకని ఒకటికి మించి ఉంటే మొదటిది రాసి "ఇంకో 2" అంటుంది. మిగతావి కంప్యూటర్లో చూసుకోవాల్సిందే. నిన్న చెప్పిన ఫిర్యాదు ఇవాళ చెప్పదు, మూడో రోజుకీ బాగుచెయ్యకపోతే మళ్లీ చెబుతుంది. బావకి ఇది నచ్చింది, మా చెల్లికంటే నయమన్నాడు. ఆయన చెల్లెలు మా ఆవిడే కాబట్టి నేను జవాబివ్వలేదు.

చెకింగ్‌కి అందనిదొకటి ఉంది. ఓ పొద్దున్న "42 చూశాను" అని వచ్చింది. అదే రోజు పసుపు పేజీ కింద ఒకాయన ప్రశ్న వేశాడు: "దీన్ని ఫిల్టర్‌లో వెయ్యొచ్చా?" చూస్తే పసుపుకి కాఫీ బొమ్మ, కాఫీకి పసుపు బొమ్మ. రెండూ తెరుచుకుంటున్నాయి, రెండిటి వెనకా 255 తెలుపు, హ్యాష్‌లు వేరు వేరు. నియమాల ప్రకారం తిరుగులేదు.

అక్క ఫోన్లో చూసి నవ్వి, "దీనికి కళ్లు లేవేటి?" అంది. అప్పట్నుంచీ సంత లేని రోజొకటి చూసుకుని, వారానికోసారి 42 బొమ్మలూ అక్కే తిప్పి చూస్తోంది. టీ తాగే టైములో అయిపోతుంది. మొన్న చూస్తూ చూస్తూ, రాజ్మా ఫొటోలో స్టూలు కాలు కనబడుతోందంది. అది బావ తీసిందే.